విడిపోయాక పిల్లల కస్టడీ, విజిటేషన్: కోర్టు ఏం చూస్తుంది, పేరెంటింగ్ ప్లాన్‌లో ఏం రాయాలి

భార్యాభర్తలు విడిపోయిన కేసుల్లో పిల్లల గురించి వచ్చే ఉత్తర్వు చాలాసార్లు ఒక్క వాక్యంలో ముగుస్తుంది: "తండ్రికి సహేతుకమైన విజిటేషన్ హక్కు ఉంటుంది." చదవడానికి బాగానే ఉంటుంది. మొదటి శనివారమే గొడవ మొదలవుతుంది. సహేతుకం అంటే రెండు గంటలా, రెండు రోజులా? పాపను ఎవరు తీసుకెళ్లాలి, ఎక్కడ అప్పగించాలి? జ్వరం వస్తే ఆ వారం పోయినట్టేనా? ఉత్తర్వులో సమాధానం లేనప్పుడు, అది అమలు కాలేదని కోర్టుకు చూపించడం కూడా కష్టం. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం, బిడ్డ ఎప్పుడు ఎవరి దగ్గర ఉంటుందో, ఖర్చులు, నిర్ణయాలు ఎవరివో తల్లిదండ్రులు రాసుకునే పేరెంటింగ్ ప్లాన్‌కే ఇచ్చాం. అక్కడికి వెళ్లేముందు కోర్టు దేన్ని తూకం వేస్తుందో తెలియాలి. దానికి అతకని ప్లాన్‌ను న్యాయమూర్తి పక్కన పెట్టేస్తారు.

1. ఏ దరఖాస్తు, ఏ కోర్టు

గార్డియన్ వేరు, కస్టడీ వేరు. గార్డియన్ అంటే బిడ్డ తరఫున చట్టపరమైన నిర్ణయాలు తీసుకునేవారు. కస్టడీ అంటే బిడ్డ రోజూ ఎవరి దగ్గర ఉంటుందన్నది. కస్టడీ లేని తల్లి లేక తండ్రి బిడ్డను కలుసుకునే వీలే విజిటేషన్. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) సెక్షన్ 6 తండ్రిని, ఆయన తర్వాత తల్లిని సహజ గార్డియన్‌గా పేర్కొంటుంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ 'తర్వాత' అనే మాటను తండ్రి బతికున్నంత కాలం తల్లికి హక్కు లేదన్న అర్థంలో చదవకూడదని చెప్పింది. తండ్రి అందుబాటులో లేకపోయినా, బిడ్డ బాధ్యత పట్టించుకోకపోయినా తల్లే గార్డియన్. కస్టడీ తగాదాలో మాత్రం ఈ వరుస పెద్దగా పనిచేయదు. అదే చట్టంలోని సెక్షన్ 13 ప్రకారం బిడ్డ సంక్షేమానిదే పైచేయి.

హిందూ వివాహ చట్టం కింద విడాకుల కేసు నడుస్తుంటే, అదే కోర్టులో సెక్షన్ 26 కింద కస్టడీ, విజిటేషన్ కోరవచ్చు. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయినవారికి ఇలాంటిదే సెక్షన్ 38. వైవాహిక కేసు ఏదీ లేకపోతే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (1890) కింద పిటిషన్ వేయాలి. మన కోర్టుల్లో జి.డబ్ల్యు.ఓ.పి. అనేది దీన్నే. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ ప్రాంతంపై అధికారం ఉన్న ఫ్యామిలీ కోర్టులో, అది లేని చోట జిల్లా కోర్టులో వేయాలి. గృహహింస కేసు ఉంటే, 2005 చట్టం సెక్షన్ 21 కింద మేజిస్ట్రేట్ కూడా తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు. చూసిపోవడం వల్ల బిడ్డకు హాని ఉందనిపిస్తే విజిటేషన్ నిరాకరించనూగలరు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

"మామూలుగా నివసించే చోటు" అన్న మాటతో చాలామంది ఆటలాడబోయి దెబ్బతింటారు. కేసు వేసే ముందు వారం బిడ్డను వేరే ఊరికి తీసుకెళ్లి అక్కడి బడిలో చేర్పిస్తే అధికార పరిధి మారిపోతుందనుకుంటారు. హడావిడిగా మార్చిన చిరునామా 'మామూలు నివాసం' కాదని అవతలి పక్షం వాదిస్తుంది. పాత బడి హాజరు పట్టీ దానికి సాక్ష్యం అవుతుంది. పైగా బిడ్డను రెండో తల్లి లేక తండ్రికి దూరం చేయడానికే ఈ పని చేశారన్న ముద్ర మొదటి వాయిదాకే పడుతుంది.

2. కోర్టు ఏం తూకం వేస్తుంది

1890 చట్టం సెక్షన్ 17 చూడాల్సిన విషయాలను చెబుతుంది: బిడ్డ వయసు, లింగం, మతం, కోరుకునే వ్యక్తి నడవడిక, సామర్థ్యం, బంధుత్వం ఎంత దగ్గరిది. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు ఉంటే బిడ్డ అభిప్రాయం కూడా. ఆచరణలో వీటన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది. ఇన్నాళ్లూ ఈ బిడ్డ రోజును ఎవరు నడిపారు?

పొద్దున లేపి బడికి పంపింది ఎవరు, టీకాలు వేయించింది ఎవరు, తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లింది ఎవరు, రాత్రి దగ్గు వస్తే ఏ మందు పడదో తెలిసింది ఎవరికి? దీనికి రుజువులు ఇంట్లోనే ఉంటాయి. బడి డైరీలో సంతకాలు, పిల్లల డాక్టరు చీటీలు, టీకా కార్డు, ఫీజు రసీదులు, క్లాస్ టీచర్‌తో మెసేజ్‌లు. అవతలి వ్యక్తి చెడ్డవాడని చెప్పే నలభై పేజీల అఫిడవిట్ కంటే ఇవి ఎక్కువ పనిచేస్తాయి. అలవాటైన ఇల్లు, బడి, స్నేహితులు ఉన్న బిడ్డను బలమైన కారణం లేకుండా కదిలించడానికి న్యాయమూర్తులు ఇష్టపడరు.

అయిదేళ్ల లోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టం అంటుంది. అందులో 'సాధారణంగా' అన్న మాట ఉంది కాబట్టి మినహాయింపు సాధ్యమే. అయితే తల్లి దగ్గర ఉండటం బిడ్డ మేలుకు పనికిరాదని చూపించే భారం తండ్రి మీద ఉంటుంది. అయిదు దాటిన రోజున కస్టడీ దానంతటదే తండ్రికి మారదు. ఈ అపోహతో బిడ్డ అయిదో పుట్టినరోజు కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముస్లిం పర్సనల్ లాలో హిజానత్, అంటే చిన్నపిల్లలను తల్లి తన దగ్గర ఉంచుకునే హక్కు, నియమాలు వేరే వయసులు చెబుతాయి కానీ అక్కడా కోర్టు చివరకు సంక్షేమం దగ్గరికే వస్తుంది.

ఎక్కువ జీతం ఉన్నవారికే కస్టడీ అన్నదీ నిజం కాదు. ఖర్చు లోటును భరణం ఉత్తర్వుతో పూడ్చవచ్చు, సమయం లోటును పూడ్చలేరు. ఉద్యోగం చేసే తల్లికి ఉద్యోగమే అడ్డు కాదు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో స్పష్టంగా చెప్పగలగాలి, అంతే.

బిడ్డ ఇష్టాన్ని న్యాయమూర్తి ఎక్కువగా ఛాంబర్‌లో, తల్లిదండ్రులు లేకుండా తెలుసుకుంటారు. ఫ్యామిలీ కోర్టు చట్టం (1984) సెక్షన్ 12 కింద వైద్య నిపుణుల, సంక్షేమ నిపుణుల సహాయమూ తీసుకోవచ్చు. నేర్పి పంపిన బిడ్డ మాట త్వరగానే తెలిసిపోతుంది. ఏడేళ్ల పిల్లాడు "నాన్న భరణం ఎగ్గొట్టాడు" అంటే ఆ వాక్యం ఎవరిదో అడగనక్కర్లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, బిడ్డను రెండో తల్లి లేక తండ్రి మీద విముఖం చేయడాన్ని నేరుగా చర్చించి, ఆ ప్రభావంలో ఉన్న బిడ్డ ఇష్టాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేమని గుర్తించింది. కస్టడీ ఒకరికి ఇచ్చినా రెండోవారికి తగినంత విజిటేషన్ ఇవ్వాలని, దూరంగా ఉంటే ఫోన్, వీడియో కాల్ ద్వారానైనా బంధం నిలవాలని 2020 తీర్పులో చెప్పింది. కాబట్టి "నాకు కస్టడీ ఇవ్వండి" అనే పిటిషన్‌లోనే అవతలివారు బిడ్డను ఎప్పుడెప్పుడు కలుస్తారో మీరే ప్రతిపాదించండి. ఆ ఒక్క పేజీ మీ గురించి చెప్పేది చాలా ఉంటుంది.

హింస, మద్యం, లైంగిక వేధింపు ఆరోపణలు ఉన్నప్పుడు ఈ లెక్క మారుతుంది. ఆసుపత్రి రికార్డు, ఫిర్యాదు ప్రతి, టీచరు గమనించిన మార్పు వంటివి ఉంటే కోర్టు పర్యవేక్షణలోని విజిటేషన్‌కు పరిమితం చేస్తుంది, అవసరమైతే ఆపేస్తుంది. ఆధారం లేకుండా, కేవలం కలవనివ్వకుండా చేయడానికి అలాంటి ఆరోపణ చేస్తే అది చేసినవారి కస్టడీకే ముప్పు.

3. మధ్యంతర ఉత్తర్వును తేలిగ్గా తీసుకోవద్దు

తుది తీర్పుకు ఏళ్లు పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో నడిచిన పద్ధతే ఆ తర్వాత 'బిడ్డకు అలవాటైన జీవితం' అవుతుంది. అందువల్ల ప్రధాన పిటిషన్‌తో పాటే మధ్యంతర విజిటేషన్ కోసం ఐ.ఏ., అంటే కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు, వేయండి. ఆరు నెలలు చూడకుండా ఉండిపోయి, తర్వాత ఒకేసారి వారాంతాలన్నీ అడిగితే కోర్టు మెట్లు మెట్లుగానే ఇస్తుంది. అది సమంజసం కూడా, ఎందుకంటే చిన్న బిడ్డకు ఆరు నెలలు చాలా ఎక్కువ.

మధ్యంతరంగా కోర్టు ఆవరణలోనే గంటో రెండు గంటలో చూపించమనడం మామూలే. ఆ గది, ఆ జనం మధ్య బిడ్డ ముడుచుకుపోతే దాన్ని తండ్రి మీద అయిష్టంగా చదివే ప్రమాదం ఉంది. రెండు మూడు సార్లు సజావుగా జరిగాక పార్కుకో, బంధువుల ఇంటికో మార్చమని కోర్టులో మెమో, అంటే చిన్న రాతపూర్వక విన్నపం, వేయండి.

4. ప్లాన్: ఒక ఉదాహరణ

ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుందాం. పాపకు ఆరేళ్లు, రెండో తరగతి, తల్లి దగ్గర ఉంది. తండ్రి అదే నగరంలో పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, రోజూ ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరడు. విడిపోయాక నాలుగు నెలలు పాపను ఫోన్‌లోనే చూశాడు.

రోజువారీ సమయంతో మొదలుపెడదాం. "వారం విడిచి వారం" అని రాయకండి. మధ్యలో ఒకసారి తప్పితే తర్వాతి వారం ఎవరిదో తేలదు. "ప్రతి నెల మొదటి, మూడో శనివారం" అనండి, క్యాలెండర్ చూస్తే చాలు. నాలుగు నెలల విరామం ఉంది కాబట్టి మెట్లు పెట్టాలి. మొదటి రెండు నెలలు శనివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు, రాత్రి బస లేకుండా. మూడో నెల నుంచి శనివారం ఉదయం 10 నుంచి ఆదివారం సాయంత్రం 6 వరకు. మెట్టు మారడానికి ఇంకో ఉత్తర్వు అక్కర్లేదని కూడా రాయాలి, లేకపోతే మూడో నెలలో మళ్లీ కోర్టుకే. వీటికి తోడు ప్రతి బుధవారం రాత్రి 8:15 నుంచి 8:35 వరకు వీడియో కాల్. తల్లి ఫోన్ అందించి పక్కకు వెళ్లాలి, తండ్రి కేసు సంగతి ఎత్తకూడదు.

మూడో నెల నుంచి నడిచే పద్ధతి ప్లాన్‌లో ఇలా కనిపిస్తుంది:

"ప్రతి నెల మొదటి, మూడో శనివారం ఉదయం 10 గంటలకు తండ్రి, తల్లి నివసించే భవనం ప్రధాన గేటు వద్ద పాపను తీసుకుంటారు. ఆదివారం సాయంత్రం 6 గంటలకు అదే చోట అప్పగిస్తారు. ఆలస్యం 30 నిమిషాలు దాటేలా ఉంటే ముందే మెసేజ్ పంపాలి. పాపకు ప్రయాణం చేయలేనంత అనారోగ్యం ఉంటే తల్లి డాక్టరు చీటీ ఫొటో పంపాలి, ఆ వారాంతానికి బదులు వెంటనే వచ్చే వారాంతం తండ్రికి దక్కుతుంది. తండ్రి రాలేకపోతే 48 గంటల ముందు చెప్పాలి, దానికి బదులు రోజు ఉండదు."

చివరి వాక్యం కటువుగా అనిపిస్తుంది. కానీ తయారై తలుపు దగ్గర కూర్చున్న బిడ్డ కోసం రాసిందది. ఇక తల్లిదండ్రులు ఎదురుపడితే అరుపులే అనుకునే చోట అప్పగింతను బడికి మార్చడం మంచి ఉపాయం. ఒకరు ఉదయం దింపుతారు, ఇంకొకరు సాయంత్రం తీసుకెళ్తారు. పోలీస్ స్టేషన్‌ను అప్పగింత చోటుగా పెట్టకండి. గొడవ తగ్గవచ్చు, బిడ్డకు మాత్రం అమ్మానాన్నల్లో ఎవరో నేరం చేశారనే అనిపిస్తుంది.

సెలవుల దగ్గర రెండు నియమాలు తప్పనిసరి. ఒకటి, సెలవుల పట్టిక మామూలు వారాంతాల పట్టిక కంటే పైది అని రాయడం. రెండోది, తేదీలు బడి క్యాలెండర్ నుంచే తీసుకోవడం. ఈ పాపకు వేసవిలో పది రోజుల చొప్పున రెండు విడతలు సరిపోతాయి. ఆరేళ్ల బిడ్డకు తల్లి లేకుండా ఒకేసారి మూడు వారాలు భారమవుతుంది. మొదటి విడత చివరి పనిదినం మర్నాడు ఉదయం 10కి మొదలవుతుంది, రెండోది బడి తెరవడానికి పదిహేను రోజుల ముందు. అలా చేస్తే చివరి అయిదు రోజులు పాప తల్లి దగ్గర బడికి సిద్ధమవుతుంది. దసరా, సంక్రాంతి సెలవులను సరి, బేసి సంవత్సరాలుగా పంచుకోవచ్చు: సరి సంవత్సరంలో దసరా తండ్రికి, సంక్రాంతి తల్లికి, బేసిలో తిరగేసి. మీ ఇంటికి ముఖ్యమైనది రంజాన్ లేదా క్రిస్మస్ అయితే దాన్నే రాసుకోండి. పాప పుట్టినరోజు ఎవరి దగ్గర పడితే వారిదే, రెండోవారికి ఆ రోజు రెండు గంటలు.

తర్వాత డబ్బు. నెలవారీ భరణం ఒక అంశం, అదనపు ఖర్చులు వేరే అంశం, రెంటినీ కలపొద్దు. తండ్రి చేతికొచ్చే జీతం రూ.60,000, తల్లిది రూ.40,000 అనుకుంటే బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు 60:40గా పంచుకోవచ్చు. రూ.12,000 టర్మ్ ఫీజులో తండ్రి వాటా రూ.7,200, తల్లిది రూ.4,800. బిల్లు పంపిన 15 రోజుల్లో బ్యాంకు ద్వారానే చెల్లింపు. ఒక హద్దు కూడా పెట్టుకోండి: రూ.5,000 దాటే కొత్త ఖర్చుకు ముందస్తు సమ్మతి కావాలి, అత్యవసర వైద్యానికి తప్ప. 2020 నుంచి భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వెల్లడించే అఫిడవిట్ వేయాలి కాబట్టి నిష్పత్తికి ఆధారం అక్కడే దొరుకుతుంది.

నిర్ణయాలను రెండు రకాలుగా విడదీయండి. రోజువారీవి, అంటే తిండి, నిద్రవేళ, హోంవర్క్, ఆ సమయంలో బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వారివి. బడి మార్పు, శస్త్రచికిత్స, పాస్‌పోర్టు, విదేశీ ప్రయాణం ఇద్దరూ కలిసి తీసుకోవాల్సినవి. ప్లాన్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి, ఇద్దరికీ కుదరకపోతే ఏమిటన్నది రాయరు. ఇలా రాయవచ్చు: ఒకరు రాతపూర్వకంగా అడిగాక 15 రోజుల్లో సమాధానం రావాలి, కుదరకపోతే 30 రోజుల్లో మీడియేషన్, అప్పటికీ తేలకపోతే కోర్టు. అంతవరకు ఉన్న స్థితి కొనసాగుతుంది. అత్యవసర చికిత్సకు మాత్రం దగ్గరున్నవారే సంతకం చేసి వెంటనే రెండోవారికి చెప్పాలి.

విదేశాల్లో ఉద్యోగాలున్న కుటుంబాలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లల అంతర్జాతీయ అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో భారత్ భాగస్వామి కాదు. దేశం దాటిన బిడ్డను ఆ ఒప్పందం దారిలో వెనక్కి రప్పించుకోలేరు. అందుకే పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు టికెట్, చిరునామా ఇవ్వాలి, కోర్టు అనుమతి ఎప్పుడు కావాలి అన్నవి ముందే రాయాలి. ఊరు మారేందుకు కూడా 60 రోజుల నోటీసు పెట్టండి.

మిగిలినవి చిన్నవే అయినా వదలొద్దు. బడి రికార్డులో ఇద్దరి ఫోన్ నంబర్లు, రిపోర్టు కార్డు ఇద్దరికీ, తాతలు, అమ్మమ్మ, నానమ్మ కలిసే వీలు, మందులూ కళ్లద్దాలూ బిడ్డతో పాటే రావాలన్న నియమం.

5. ప్లాన్‌ను ఉత్తర్వుగా మార్చడం

స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల ముందు సంతకాలు చేసుకున్న ఒప్పందాన్ని నేరుగా అమలు చేయమని కోర్టును అడగలేరు. పరస్పర అంగీకార విడాకులైతే ప్లాన్‌ను పిటిషన్‌కు జతచేసి, డిక్రీలో భాగం చేయాలని కోరండి. కేసు నడుస్తుంటే మీడియేషన్ సెంటర్‌లో ఒప్పందం రాసుకుని కోర్టు ముందు రికార్డు చేయించండి. ఇద్దరి సమ్మతితో వచ్చిన ఉత్తర్వు మీద ఫ్యామిలీ కోర్టు చట్టం ప్రకారం అప్పీలు ఉండదు కాబట్టి సంతకం ముందు ఒకసారి పరీక్షించండి. మీ గొడవేమిటో తెలియని మనిషికి ఆ కాగితం ఇచ్చి, వచ్చే నెల మూడో శనివారం ఉదయం 10కి పాప ఎక్కడ ఉండాలో అడగండి. ఆయన చెప్పలేకపోతే తిరగరాయండి. పోటీ మీద వచ్చిన తుది ఉత్తర్వుకైతే అదే చట్టం ప్రకారం హైకోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు.

6. అమలు కాకపోతే

భరణం ఆపేశారని విజిటేషన్ ఆపడం, పాపను చూపించలేదని భరణం ఆపడం అందరూ చేసే తప్పు. రెండూ విడివిడి బాధ్యతలు. బకాయికి వేరే అమలు పిటిషన్ ఉంది.

బిడ్డను ఇవ్వకపోతే చెప్పిన సమయానికి అక్కడికి వెళ్లి, ఆలస్యానికి పెట్టుకున్న 30 నిమిషాలు ఆగి, "ఉత్తర్వు ప్రకారం వచ్చాను, పాపను పంపలేదు" అని మర్యాదగా మెసేజ్ పెట్టి వెనుదిరగండి. గేటు దగ్గర వీడియో తీస్తూ అరిస్తే ఆ వీడియో మీకు వ్యతిరేకంగానే పనికొస్తుంది. ఒక్కసారి తప్పితే బదులు రోజు కోరుతూ ఐ.ఏ. చాలు. పదే పదే తప్పితే తేదీలవారీ పట్టికతో అమలు పిటిషన్ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 32 కింద ఆస్తి జప్తు, సివిల్ జైలు వరకు అవకాశం ఉంది. ఉద్దేశపూర్వకమని తేలితే కోర్టు ధిక్కరణ కూడా. అంతకంటే బరువైన పర్యవసానం, బిడ్డను కలవనివ్వని తీరే కస్టడీ మార్చడానికి కారణం కావచ్చు.

బిడ్డ నిజంగానే వెళ్లనని ఏడుస్తుంటే? అప్పగింత వేళ ఏడ్చి, పావుగంటలో ఆడుకోవడం మొదలుపెట్టే చిన్నపిల్లల ఏడుపు మామూలే. వెళ్లొచ్చాక రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒంటి మీద గుర్తులు కనిపించడం అలాంటివి కావు. అప్పుడు మీరే విజిటేషన్ ఆపేసి కూర్చోకుండా, వెంటనే డాక్టరుకు చూపించి, ఆ రికార్డుతో మార్పు కోరుతూ అత్యవసర దరఖాస్తు వేయాలి.

కస్టడీ ఉత్తర్వు ఏదీ శాశ్వతం కాదు, పరిస్థితి మారిందని చూపిస్తే కోర్టు మారుస్తుంది. ఆరేళ్ల పాప కోసం రాసిన పట్టిక పన్నెండేళ్ల అమ్మాయికి సరిపోదు, శనివారాలు ట్యూషన్లకు, స్నేహితులకు పోతాయి. అందుకే ప్లాన్‌లోనే రెండేళ్లకోసారి, ఆరో తరగతిలో చేరేటప్పుడు ఇంకోసారి సమీక్ష అని పెట్టుకోండి. సమీక్షలో ఇద్దరూ ఒప్పుకున్న మార్పును ఉమ్మడి మెమోగా కోర్టులో దాఖలు చేసి పాత ఉత్తర్వును సవరింపజేయాలి. నోటి మాటతో మార్చుకుంటే, తగాదా వచ్చిన రోజున కోర్టు చూసేది పాత కాగితాన్నే.